బ్రేకౌట్ షేరుదా, క్రూడ్‌దా: మూడున్నరకీ పదకొండున్నరకీ మధ్య తప్పిన లెక్క

నేపథ్యం

ఈ కేసులోని వ్యక్తి విశాఖపట్నంలో స్థిరపడిన, రిటైరైన పాలిటెక్నిక్ అధ్యాపకుడు. ఇక్కడ మాస్టారు అనే అంటాను. షేరు పేరు, తేదీలు, ధరలు చెప్పడం లేదు. శాతాలను కూడా లెక్క చెడకుండా గుండ్రం చేశాను. నా పని డేటా సరిచూడటం, లెక్క నేర్పడం. ఏ షేరు కొనాలో చెప్పే అధికారం నాకు లేదు, ఆ పని చెయ్యను కూడా.

మాస్టారు కొన్నేళ్ళుగా సొంత డబ్బుతో, అప్పు లేకుండా, డైలీ చార్ట్ చూసి ట్రేడింగ్ చేస్తున్నారు. లెక్కల మనిషి కాబట్టి పైథాన్ పట్టుకోవడం ఆయనకు కష్టం కాలేదు. ఆయన చూసేవి రెండో మూడో షేర్లు. వాటిలో ఒకటి ప్రభుత్వ రంగ చమురు కంపెనీది. మల్కాపురం వైపు రిఫైనరీ చిమ్నీలను రోజూ చూసే ఊళ్ళో ఇలాంటి షేర్ల మీద చాలామందికి ఒక సొంతతనం ఉంటుంది. ఆయనకూ ఉంది.

ఆ షేరుతో పాటు ఆయన సరుకుల ఎక్స్ఛేంజీ అయిన ఎమ్‌సీఎక్స్‌లోని క్రూడ్ ఫ్యూచర్స్ చార్టును కూడా పక్కనే పెట్టుకుంటారు. దానికి కారణం ఉంది. ఈ కంపెనీలు క్రూడ్ కొని, శుద్ధి చేసి, బంకుల్లో పెట్రోలు, డీజిలు అమ్ముతాయి. కాగితం మీద చూస్తే 2017 జూన్ 16 నుంచి బంకు ధరలను రోజూ సవరించే పద్ధతి ఉంది. ఆచరణలో చాలాకాలం ధరలు కదలవు. 2022 మే నెలలో కేంద్రం ఎక్సైజ్ తగ్గించిన తర్వాత 2024 మార్చిలో లీటరుకు రెండు రూపాయలు తగ్గించేదాకా దాదాపు అవే ధరలు సాగాయి. అమ్మే ధర కట్టేసి ఉన్నప్పుడు క్రూడ్ పెరిగితే కంపెనీ మార్జిన్ తరుగుతుంది, క్రూడ్ తగ్గితే మార్జిన్ పెరుగుతుంది. అందుకే ఈ రెండిటి మధ్య వ్యతిరేక సంబంధం ఉంటుందని అనుకోవడం సబబే.

అయితే ఇది ఎప్పుడూ నిలిచే సూత్రం కాదు. క్రూడ్ పెరిగినప్పుడు రిఫైనరీ దగ్గర అంతకుముందే కొని ఉంచిన నిల్వల విలువ కూడా పెరుగుతుంది. ఆ లాభం ఎదురు దిక్కున లాగుతుంది. 2020 మార్చిలో లాగా ప్రపంచమంతా గిరాకీ పడిపోతుందన్న భయం వస్తే క్రూడూ షేరూ కలిసే పడతాయి. కాబట్టి ఈ సంబంధం ఇప్పుడు ఎంత గట్టిగా ఉందో, ఎటువైపు ఉందో అప్పుడప్పుడు కొలుచుకోవాలి. చివరి కొన్ని రోజుల విండోను రోజూ ఒక రోజు ముందుకు జరుపుతూ అలా కొలవడమే రోలింగ్ కోరిలేషన్ పని.

వచ్చిన సమస్య

ఒక శుక్రవారం ఆ షేరు కొన్ని నెలలుగా దాటలేకపోతున్న గీతను దాటి, దానికి ఒక శాతం పైన క్లోజయింది. వాల్యూమ్ మామూలు రోజుల కంటే బాగా ఎక్కువ. చార్టు చదివేవాళ్ళు ఎవరైనా బ్రేకౌట్ అనేదే.

మాస్టారికి ఒక అలవాటు ఉంది. క్రూడ్ పడుతున్నప్పుడు షేరు లేస్తే అందులో క్రూడ్ వాటా ఎంతో చూసుకుని తగ్గించి నమ్ముతారు. క్రూడ్ ఊసు లేకుండా లేస్తే పూర్తిగా నమ్ముతారు. ఆ శుక్రవారం ఆయన డైలీ చార్టులో క్రూడ్ అర శాతం మాత్రమే తగ్గినట్టుంది. పైగా అంతకుముందు కొన్ని వారాలుగా క్రూడ్ నెమ్మదిగా పెరుగుతూనే ఉంది, షేరూ పెరుగుతూనే ఉంది. ఆయన గీసుకున్న 20 రోజుల రోలింగ్ కోరిలేషన్ కొన్ని నెలల కింద −0.7 దగ్గర ఉండేది, ఇప్పుడు +0.3కి ఎక్కింది.

శనివారం ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చారు. "సంబంధం తెగిపోయింది బాబూ. ఇక క్రూడ్‌తో పని లేదు, షేరు సొంత బలంతో లేచింది. సోమవారం పొద్దున్నే మామూలు కంటే రెట్టింపు కొందామనుకుంటున్నాను. ముందు ఈ కోడ్ ఒకసారి చూడు" అన్నారు.

ఆ కోడ్‌లో అసలు వరుస ఇది:

```python
df["corr"] = df["stock"].rolling(20).corr(df["crude"])
```

`stock`, `crude` రెండూ రోజు చివరి ధరలు.

మొదట చేసినది, దానితో తీరనిది

ధరల మీద కోరిలేషన్ కట్టడం ఈ పనిలో అందరికంటే పాత పొరపాటు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు శ్రేణులు కూడా ఒకే దిక్కుగా సాగుతుంటే వాటి కోరిలేషన్ ఎక్కువగానే కనిపిస్తుంది. యూల్ ఈ సంగతి 1926లోనే రాశాడు. గ్రాంజర్, న్యూబోల్డ్ 1974లో రిగ్రెషన్ విషయంలో మళ్ళీ చూపించారు. ఇరవై రోజుల చిన్న విండోలో ఇది మరీ దారుణం. ఆ నాలుగు వారాల్లో రెండూ కాస్త ఎత్తుకు పోతే ప్లస్ వస్తుంది, ఒకటి ఎక్కి ఒకటి దిగితే మైనస్ వస్తుంది. రోజువారీ కదలికలు ఎలా ఉన్నాయన్నది అందులో కనబడదు. మాస్టారి +0.3 అదే, పాత −0.7 కూడా అదే. అంటే ఆయన చూసిన మలుపుకు రెండు కొసలూ నమ్మదగినవి కావు.

ధరలను రోజువారీ రిటర్న్‌లుగా మార్చాం. 20 రోజుల కోరిలేషన్ −0.15 వచ్చింది. మాస్టారు తగ్గలేదు. "సున్నాకి దగ్గరే కదా. నేనన్నదే నిజం."

ఇక్కడ విండో గురించి కాసేపు మాట్లాడుకోవాల్సి వచ్చింది. అసలు సంబంధమే లేని రెండు శ్రేణుల నుంచి 20 రోజుల నమూనాలు తీస్తూ పోతే, నూటికి తొంభై అయిదు సార్లు కోరిలేషన్ −0.44కీ +0.44కీ మధ్య ఎక్కడో వస్తుంది. నిజంగా సంబంధం ఉన్నప్పుడు కూడా వెడల్పు తక్కువేమీ కాదు. 20 రోజుల్లో 0.6 కనబడితే, దాని వెనకున్న అసలు విలువ 0.21 నుంచి 0.82 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అలాంటి కొలతలో −0.15 చూసి సంబంధం ఉందనీ అనలేం, తెగిందనీ అనలేం. అది ఏమీ చెప్పని సంఖ్య.

విండోను 60కి పెంచాం. సంబంధం లేనప్పుడు కూడా వచ్చే తేడా ఇప్పుడు ±0.25కి కుదించుకుంది. సంఖ్య −0.20 వచ్చింది. మళ్ళీ గట్టు మీదే.

చాలామంది ఇక్కడ ఆగి "సంబంధం బలహీనపడింది" అని రాసుకుంటారు. నేను ఆగకపోవడానికి కారణం లెక్కలో లేదు, బంకులో ఉంది. ఆ నెలల్లో బంకు ధర కదల్లేదు. అంటే క్రూడ్ పెరిగితే మార్జిన్ తరిగే ఏర్పాటు అలాగే ఉంది. కారణం చెక్కుచెదరకుండా ఉండి, దాని ఫలితం మాత్రం మాయమైతే, మార్కెట్ మారిందని అనుకునే ముందు కొలిచే తీరును అనుమానించాలి.

అందుకని ఏడాది పొడుగు డేటా మీద ఒక చిన్న పరీక్ష పెట్టాను. నేటి షేరు కదలికను నేటి క్రూడ్‌తోనే కాక, నిన్నటి, మొన్నటి క్రూడ్‌తోనూ రేపటి క్రూడ్‌తోనూ పోల్చడం:

```python
for k in (-1, 0, 1, 2):
    print(k, round(r_stock.corr(r_crude.shift(k)), 2))
```

`k = 0` దగ్గర −0.20 వచ్చింది. `k = 1` దగ్గర, అంటే నిన్నటి క్రూడ్‌తో, −0.26. మిగతా రెండూ సున్నా చుట్టూ ఉన్నాయి. నేటి క్రూడ్ కంటే నిన్నటి క్రూడే నేటి షేరును ఎక్కువగా కదిలిస్తోందన్నమాట.

దీనికి రెండే అర్థాలు. ఒకటి, ఇంత పెద్ద షేరుకు క్రూడ్ వార్త ఒక రోజు ఆలస్యంగా చేరుతోంది, ఆ ఖాళీలో ఎవరైనా సులువుగా డబ్బు చేసుకోవచ్చు. రెండు, మన రెండు గడియారాలు కలవడం లేదు. మొదటిది నిజమైతే ఎవరో ఒకరు ఈపాటికి ఆ డబ్బు ఏరుకుని ఉండేవారు. కాబట్టి గడియారం వైపు చూశాం.

అసలు చిక్కు

ఎన్‌ఎస్‌ఈలో షేర్ల ట్రేడింగ్ మధ్యాహ్నం 3:30కి ముగుస్తుంది. ఎమ్‌సీఎక్స్‌లో క్రూడ్ రాత్రి 11:30 దాకా నడుస్తుంది. అమెరికాలో చలికాలపు సమయం అమల్లో ఉన్నప్పుడు 11:55 దాకా. మాస్టారి ఫైల్లో రెండిటికీ ఒకటే తేదీ, కానీ ఆ తేదీ వెనక ఎనిమిది గంటల తేడా ఉంది. పగటి షిఫ్టు హాజరు చూసి రాత్రి షిఫ్టు జీతం కట్టినట్టు.

పోనీ ఆ ఎనిమిది గంటలు ఖాళీ గంటలా అంటే కాదు. క్రూడ్‌కు అవే అసలు గంటలు. యూరప్ మార్కెట్ జోరు మీద ఉండేది, అమెరికా మార్కెట్ తెరుచుకునేది అప్పుడే. అమెరికా వారపు నిల్వల నివేదిక సాధారణంగా బుధవారం మన రాత్రి ఎనిమిదికో తొమ్మిదికో వస్తుంది. ఆ సాయంత్రం క్రూడ్‌లో ఏం జరిగినా మన షేరు దానికి మర్నాడు పొద్దున 9:15కి మాత్రమే స్పందించగలదు.

దీని ప్రభావం ఎంతో కాగితం మీద కట్టొచ్చు. క్రూడ్ ఒక రోజు కదలికలో, వేరియన్స్ లెక్కన, 45 శాతం రాత్రి 11:30 నుంచి మర్నాడు 3:30 మధ్య జరుగుతుందని, 55 శాతం 3:30 నుంచి 11:30 మధ్య జరుగుతుందని అనుకుందాం. అసలు సంబంధం −0.46 అయితే, తేదీ కలిపి కొలిచినప్పుడు అందులో 45 శాతమే చిక్కుతుంది. అంటే −0.21. మిగిలిన −0.25 మర్నాటి ఖాతాలో పడుతుంది. మనకు వచ్చిన −0.20, −0.26 దాదాపు ఇవే. సంబంధం తెగలేదు. రెండు ముక్కలై రెండు తేదీల కింద పడి ఉంది.

ఇందులో ఇంకో ప్రమాదం కూడా దాగి ఉంది. పాత డేటా మీద పరీక్షలు కట్టేటప్పుడు "ఈ రోజు క్రూడ్ తగ్గితే 3:30 క్లోజ్ దగ్గర షేరు కొను" అని నియమం రాస్తే, ఆ కోడ్ రాత్రి 11:30 ధరను మధ్యాహ్నమే చదివేస్తుంది. ఫలితాలు చూడముచ్చటగా వస్తాయి. నిజంగా డబ్బు పెట్టినప్పుడు మాత్రం రావు.

పనిచేసినది

క్రూడ్‌కు పదిహేను నిమిషాల డేటా తీసుకుని, ప్రతి రోజూ 3:30 నాటి ధరను మాత్రమే ఉంచాం.

```python
cr = pd.read_csv("crude_15min.csv", parse_dates=["time"])
cr = cr[cr["time"].dt.strftime("%H:%M") <= "15:15"]
cr["day"] = cr["time"].dt.normalize()
px = cr.groupby(["day", "contract"])["close"].last().unstack()

days = stock.index.intersection(px.index)
rc = np.log(px.loc[days]).diff()
r_crude = pd.Series([rc.at[d, front[d]] for d in days], index=days)
r_stock = np.log(stock.loc[days]).diff()
```

చిన్న కోడే, కానీ ప్రతి వరుస వెనకా ఒక నిర్ణయం ఉంది. `15:15` ఎందుకంటే, మాస్టారి డేటాలో ప్రతి బార్ మీద ఉన్న సమయం ఆ బార్ మొదలైన సమయం. 15:15 బార్ ముగిసేది 3:30కే. `15:30` అని రాసి ఉంటే 3:45 ధర వచ్చేది. మీ డేటాలో బార్‌కు మొదలు సమయం ఉందో చివరి సమయం ఉందో ముందు తేల్చుకోండి. షేరుకు కూడా అదే 15:15 బార్ క్లోజ్ వాడాం. ఈ కేసు నాటికి ఎన్‌ఎస్‌ఈ ప్రకటించే క్లోజింగ్ ధర చివరి అరగంట ట్రేడుల సగటు, వాల్యూమ్ తూకంతో కట్టినది. తేడా చిన్నదే అయినా, గడియారం సరిచేస్తూ మళ్ళీ అరగంట వదులుకోవడం ఎందుకు?

`contract` వారీగా విడదీయడం ఫ్యూచర్స్ రోల్ కోసం. క్రూడ్ కాంట్రాక్టు నెలనెలా మారుతుంది. పాత కాంట్రాక్టు నిన్నటి ధర పక్కన కొత్త కాంట్రాక్టు నేటి ధర పెడితే, జరగని కదలిక ఒకటి పుట్టుకొస్తుంది. ఇక్కడ ఏ రోజు ఏ కాంట్రాక్టు ముందుంటే (`front`), ఆ కాంట్రాక్టు సొంత నిన్నటి ధర నుంచే రిటర్న్ కడుతున్నాం. లాగరిథమ్ వాడటంలో ఒక లాభం కూడా ఉంది. 2020 ఏప్రిల్ క్రూడ్ కాంట్రాక్టు ఎమ్‌సీఎక్స్‌లో బ్యారెల్‌కు మైనస్ 2,884 రూపాయల దగ్గర సెటిలైంది. అలాంటి ధర డేటాలో ఉంటే `pct_change` చడీచప్పుడు లేకుండా అర్థం లేని సంఖ్య ఇచ్చి ఊరుకుంటుంది. లాగ్ అయితే `NaN` ఇచ్చి పట్టిస్తుంది.

`intersection` ముందు, `diff` తర్వాత ఉండటం కూడా కావాలని చేసినదే. క్రూడ్‌కు ధర ఉండి షేరుకు లేని రోజులు డేటాలో తగలొచ్చు. ముందు రిటర్న్‌లు కట్టి తర్వాత తేదీలు కలిపితే ఆ మధ్య జరిగిన క్రూడ్ కదలిక లెక్కలోంచి జారిపోతుంది. ముందు ఇద్దరికీ ఉన్న రోజులు ఏరి, తర్వాత రిటర్న్ కడితే రెండూ ఒకే కాలాన్ని కొలుస్తాయి.

నిన్నటి, నేటి, రేపటి క్రూడ్‌తో పోల్చే ఆ పరీక్ష మళ్ళీ పెట్టాం. `k = 0` దగ్గర −0.45. `k = 1` దగ్గర సున్నాకి అటూ ఇటూ. రెండు ముక్కలూ ఒకచోట చేరాయి. ఇలా చేరడమే మనం సరిచేసినది సరైనదేనని చెప్పే గుర్తు. చేరకుండా నిన్నటి దగ్గర ఇంకా ఏదైనా మిగిలి ఉంటే వేరే కారణం వెతకాలి. నిఫ్టీ కదలికను రెండిటి నుంచీ తీసేసి కూడా చూశాం. సంఖ్య కొద్దిగానే మారింది, కాబట్టి ఇది మార్కెట్ మొత్తం ఊగిసలాట వల్ల వచ్చిన సంబంధం కాదు.

పదిహేను నిమిషాల డేటా లేనివాళ్ళు వారాల రిటర్న్ వాడొచ్చు. వారం మొత్తం మీద ఎనిమిది గంటల తేడా పెద్దది కాదు. కాకపోతే 60 వారాలంటే ఏడాది దాటిపోతుంది, మధ్యలో వచ్చిన మార్పులు కనబడవు.

ఇక రోలింగ్ వరుస:

```python
rho = r_stock.rolling(60).corr(r_crude).shift(1)
se = 1 / np.sqrt(60 - 3)
lo = np.tanh(np.arctanh(rho) - 1.96 * se)
hi = np.tanh(np.arctanh(rho) + 1.96 * se)
```

`shift(1)` గురించి మాస్టారికీ నాకూ కాస్త వాదన జరిగింది. ఆయన లెక్కలో తాజా రోజును వదిలేయడం డేటాను పారేయడమే. నా వాదన ఇది: బ్రేకౌట్ రోజు సాధారణంగా పెద్ద కదలిక ఉన్న రోజు. పెద్ద రోజు ఒక్కటి విండోలోకి రాగానే కోరిలేషన్‌ను తనవైపు లాగేస్తుంది. మనం ఆ రోజును నిలబెట్టి ప్రశ్నించాలనుకుంటున్నాం. ప్రశ్నకు లోనైన రోజే సాక్ష్యం చెప్పకూడదు. అందుకే విండో నిన్నటితో ముగియాలి.

పెద్ద రోజు ఏం చేస్తుందో చూపించడానికి 2024 జూన్ 4 సరిపోయింది. ఎన్నికల ఫలితాల రోజు. నిఫ్టీ దాదాపు ఆరు శాతం పడింది, ప్రభుత్వ రంగ షేర్లు చాలావరకు ఇంకా ఎక్కువ పడ్డాయి. ఆ కదలికకు క్రూడ్‌తో సంబంధం లేదు. అయినా 20 రోజుల విండోలో ఆ ఒక్క రోజే మిగతా రోజులను కప్పేస్తుంది. జూలై మొదటి వారంలో అది విండో నుంచి బయటికి పోగానే కోరిలేషన్ ఒక్కసారిగా మారుతుంది. ఆ మార్పుకు కారణం జూలైలో ఆ రోజున మార్కెట్లో జరిగినది కాదు. పాత రోజొకటి వెళ్ళిపోయింది, అంతే. రోలింగ్ గీతలో హఠాత్తుగా మెట్టు కనబడితే ముందు లోపలికి వచ్చిన రోజును, బయటికి పోయిన రోజును చూడండి. తర్వాతే కథ అల్లండి.

ఆ శుక్రవారం మీద తీర్పు

గురువారంతో ముగిసిన 60 రోజుల విండోలో కోరిలేషన్ −0.45, అసలు విలువ ఉండగల హద్దుల పట్టీ −0.63 నుంచి −0.22. సున్నా అందులో లేదు. సంబంధం ఉంది. కానీ కోరిలేషన్ సంబంధం ఎంత బిగువుగా ఉందో చెబుతుంది, ఒకటి ఇంత కదిలితే రెండోది ఎంత కదులుతుందో చెప్పదు. దానికి రెండిటి రోజువారీ ఊపు కావాలి. షేరు రోజువారీ స్టాండర్డ్ డీవియేషన్ సుమారు 2 శాతం, క్రూడ్‌దీ సుమారు 2 శాతమే. రెండూ సమానం కాబట్టి క్రూడ్ ఒక శాతం తగ్గితే షేరు సగటున 0.45 శాతం పెరుగుతుందని అంచనా.

ఇప్పుడు శుక్రవారాన్ని కొత్త గడియారంతో చూశాం. మాస్టారి చార్టులో అర శాతం తగ్గినట్టు కనబడ్డ క్రూడ్, గురువారం 3:30 నుంచి శుక్రవారం 3:30కి 3 శాతం పడింది. ఆ సాయంత్రం మళ్ళీ ఇంచుమించు రెండున్నర శాతం లేచింది. డైలీ బార్‌లో రెండూ కలిసిపోయి ఏమీ జరగనట్టు కనబడింది.

మూడు శాతానికి షేరులో క్రూడ్ వాటా 1.35 శాతం. షేరు ఆ రోజు పెరిగింది 2.6 శాతం. సొంత వాటా 1.25. షేరు రోజును గీతకు 1.6 శాతం కింద మొదలుపెట్టి, ఒక శాతం పైన ముగించింది. క్రూడ్ వాటా లేకపోతే గీతకు ఇంకా 0.35 శాతం కిందే ఆగేది. పైగా క్రూడ్ ప్రభావం తీసేశాక ఈ షేరు మామూలుగా రోజుకు 1.8 శాతం దాకా ఊగుతుంది. 1.25 శాతం అందులో ఏ ప్రత్యేకతా లేని రోజు.

ఇంతవరకూ వచ్చాక సిగ్నల్‌ను కొట్టేయడం తేలిక. కొట్టేయలేదు, ఎందుకంటే పట్టీకి రెండో కొస కూడా ఉంది. అసలు విలువ −0.22 అయితే క్రూడ్ వాటా 0.66 మాత్రమే, సొంత వాటా 1.94. అప్పుడు షేరు క్రూడ్ సాయం లేకుండానే గీత దాటి ఉండేది. రోజువారీ రిటర్న్‌లలో పెద్ద కదలికలు ఈ సూత్రం ఊహించిన దానికంటే తరచుగా వస్తాయి కాబట్టి నిజమైన పట్టీ ఇంకాస్త వెడల్పే. అందువల్ల లెక్క ఇచ్చిన తీర్పు "ఇది బూటకపు బ్రేకౌట్" అని కాదు. "ఇది ఇంకా రుజువు కాలేదు" అని. రెట్టింపు కొనడానికి ఆధారం మాత్రం పోయింది, ఎందుకంటే ఆ ఆలోచన మొత్తం సంబంధం తెగిందన్న దాని మీదే నిలబడింది.

మాస్టారు కాసేపు కాగితం వైపు చూసి, "అయితే శుక్రవారం సాయంత్రం క్రూడ్ లేచిన రెండున్నర శాతం మాటేమిటి? దాని బాకీ సోమవారం కట్టాలి కదా" అన్నారు. ఆ ప్రశ్న నాకంటే ముందు ఆయనే అడిగారు. 2.5కి 0.45 చొప్పున 1.1 శాతం. సోమవారం ఇంకేమీ జరగకపోతే షేరు తిరిగి గీత దగ్గరికే రావాలి.

ఆయన తన నోట్‌బుక్‌లో నియమం రాసుకున్నారు. 3:30 కొలతలో క్రూడ్ ఒక శాతానికి మించి పడని రోజున షేరు గీత పైన క్లోజైతేనే సిగ్నల్ లెక్కలోకి వస్తుంది. పరిమాణం మామూలుదే. నియమం ముందే రాయడం ఎందుకంటే, సోమవారం స్క్రీన్ ముందు కూర్చున్నాక ఏ సంఖ్యనైనా మనకు కావలసిన వైపు చదువుకోవచ్చు.

సోమవారం షేరు గీతకు కాస్త కిందే తెరుచుకుంది, కిందే ముగిసింది. కొన్ని రోజులు అక్కడక్కడే తిరిగి, క్రూడ్ దాదాపు కదలని ఒక రోజున మళ్ళీ గీత పైన క్లోజైంది. మాస్టారు అప్పుడు కొన్నారు. తర్వాత ఓ మోస్తరు లాభంతో బయటికొచ్చారు. ఒక్క సందర్భంతో పద్ధతి గెలిచిందని నేను అనను. పాత డేటాలో ఈ షేరు బ్రేకౌట్లను క్రూడ్ సాయం ఉన్నవి, లేనివి అని విడదీసి చూశాం. రెండు వైపులా చేతి వేళ్ళకు కాస్త మించిన సందర్భాలే తేలాయి. ఆ కొద్దిపాటి లెక్కతో ఏ వైపు మేలో తేల్చడం కుదరదు.

మిగిలిన పాఠాలు

ఈ కేసులో సిగ్నల్‌ను ప్రశ్నించింది కోరిలేషన్ ఒక్కటే కాదు. కోరిలేషన్ చేసిన పని, క్రూడ్ వాటాను విడదీసి చూడటం సమంజసమేనని చెప్పడం. పట్టీలో సున్నా ఉండి ఉంటే ఆ విడదీతే చేసేవాళ్ళం కాదు. చార్టును చార్టుగానే చదివి ఊరుకునేవాళ్ళం. కోరిలేషన్ తగ్గింది కాబట్టి షేరు బలంగా ఉంది అన్న మాస్టారి మొదటి వాదన, డేటా సరిగ్గా ఉన్నా నిలబడేది కాదు. సంబంధం సడలితే క్రూడ్‌ను చూసి షేరు గురించి మనకు తెలిసేది తగ్గింది అని మాత్రమే అర్థం. షేరు ఎటు పోతుందో అది చెప్పదు.

గడియారం చిక్కు ఈ జతకే పరిమితం కాదు. ఎమ్‌సీఎక్స్ బంగారాన్ని బంగారు రుణాల కంపెనీ షేరుతో పోల్చినా, రాగిని లోహాల షేరుతో పోల్చినా, అమెరికా సూచీని నిఫ్టీ ఐటీతో పోల్చినా ఇదే వస్తుంది. నిఫ్టీకీ బ్యాంక్ నిఫ్టీకీ మధ్య రాదు, రెండూ ఒకే వేళకు ముగుస్తాయి కాబట్టి. ఏ జతకైనా నేను ఇప్పుడు రోలింగ్ గీత గీయకముందే తేదీలు జరిపి పోల్చే ఆ పరీక్ష పెడతాను.

ఈ లెక్క పనికిరాని చోటు కూడా మాస్టారికి ఆ తర్వాత ఎదురైంది. బంకు ధరల మీద నిర్ణయం వెలువడిన రోజుల్లో షేరు క్రూడ్ పడుతుండగానే గట్టిగా లేచింది. ఆయన నియమం ప్రకారం పక్కన కూర్చున్నారు, షేరు ఆగకుండా పోయింది. అమ్మే ధర మారితే క్రూడ్‌కూ మార్జిన్‌కూ ఉన్న లంకె మారుతుంది. 60 రోజుల విండోలో మాత్రం పాత ఏర్పాటు నాటి రోజులే నిండి ఉంటాయి. ఇప్పుడు ఆయన స్క్రిప్టులో అలాంటి తేదీల జాబితా ఒకటి ఉంది. ఆ తేదీ తర్వాత కొత్త రోజులు 60 పోగయ్యేదాకా `rho` గడి ఖాళీగా చూపిస్తుంది. మూడు నెలలు చార్టు ఒక్కటే చూసి కూర్చోవడం మాస్టారికి రుచించడం లేదు, 40 చాలంటున్నారు. 40 రోజులకు సంబంధం లేకపోయినా వచ్చే తేడా ±0.31. ఆ వెడల్పుకు సిద్ధపడితే పెట్టుకోండి, కానీ పట్టీని తెర మీద నుంచి తీసేయొద్దు అన్నాను.